నడుము పట్టేస్తోంది, తొడ వెనక ఏమీ తెలియడం లేదు

"అక్కా, నాకు 31 ఏళ్లు, 62 కిలోలు, ఉండేది తిరుపతి. స్కూల్లో టీచర్‌ని. ఏడాదిగా జిమ్‌కు పోతున్నా. పొద్దున ఐదింటికి లేచి ఐదుంబావుకల్లా జిమ్‌లో ఉంటా. మంగళవారం స్క్వాట్ నాలుగు సెట్లు, 50 కిలోలతో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, అదే ఆర్‌డీఎల్, పదేసి నాలుగు సెట్లు, చివర్లో లెగ్ కర్ల్ మూడు సెట్లు. శుక్రవారం మామూలు డెడ్‌లిఫ్ట్ 70 కిలోలతో ఐదేసి ఐదు సెట్లు, తర్వాత లంజెస్. ఆర్‌డీఎల్ చేసిన రోజు నడుము పట్టేస్తోంది, మోకాలి వెనక లాగుతోంది, తొడ వెనక మాత్రం ఏమీ తెలియడం లేదు. కోచ్‌ను అడిగితే 'ఇంకా కిందికి వంగమ్మా, ప్లేట్లు నేలకు తగలాల' అంటాడు. నెలకోసారి శనివారం అలిపిరి మెట్లెక్కి కొండకు పోతా, ఆ వారం అంతా గందరగోళమే. లెగ్ కర్ల్ తీసేసి ఆర్‌డీఎల్ పెంచేదా, ఆర్‌డీఎల్ మానేసి కర్ల్ చేసుకునేదా? మా జిమ్‌లో పడుకుని చేసే కర్ల్ మెషిన్ ఒక్కటే ఉంది."
ఒక పాఠకురాలు, తిరుపతి

రెండూ వద్దమ్మా. తీసేయాల్సింది ఏదైనా ఉంటే అది శుక్రవారం డెడ్‌లిఫ్టు, అది కూడా ఆరు వారాలకే. ఎందుకో తర్వాత లెక్క వేసి చూపిస్తా, ముందు మీ కోచ్ మాట సంగతి తేల్చుకుందాం.

ప్లేట్లు నేలకు తగలాలన్న రూలు మామూలు డెడ్‌లిఫ్టుది. అది కింద మొదలై పైకి వచ్చే లిఫ్టు, ఆర్‌డీఎల్ నిలబడి మొదలై కిందికి పోయి మళ్లీ లేచే లిఫ్టు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన రొమేనియా వెయిట్‌లిఫ్టర్ నికు వ్లాద్ దీన్ని అమెరికాలో చేసి చూపిస్తే అక్కడివాళ్లు ఆ దేశం పేరు పెట్టేశారు, అప్పుడు కూడా బార్‌ను నేలకు ఆనించే పని లేదు. ఎంత కిందికి పోవాలో నేల చెప్పదు, నీ తుంటి చెబుతుంది.

అదెలాగంటే, తొడ వెనక కండరం పై కొస, మనం కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే ఎముక ఉంటుంది చూడు, అక్కడ పుడుతుంది. కింది కొస మోకాలు దాటి కాలి ఎముకకు అతుక్కుని ఉంటుంది. నువ్వు పిరుదులు వెనక్కి తోస్తూ వంగినప్పుడు ఆ కూర్చునే ఎముక వెనక్కి, పైకి తిరుగుతుంది, కండరం సాగుతుంది. అది సాగగలిగినంత సాగాక తుంటి అక్కడ ఆగిపోతుంది. చాలామందికి ఇది బార్ మోకాలి చిప్ప దాటి నాలుగైదు అంగుళాలు కిందికి వచ్చేసరికే జరుగుతుంది. అక్కడి నుంచి బార్ ఇంకా కిందికి పోవాలంటే ఒక్కటే దారి, నడుము గుండ్రంగా వంగడం. అంటే కోచ్ చెప్పినట్టు నువ్వు చివర్లో ఆ కాస్త దూరం పోతున్నది తొడతో కాదు, వెన్నుతో. తొడ వెనక తెలియకపోవడం, నడుము పట్టేయడం రెండూ ఒకే తప్పుకు రెండు వైపులు.

నీ తుంటి ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడానికి బార్ కూడా అక్కర్లేదు. ఇంట్లో మాప్ కర్ర తీసుకో. దాన్ని వీపు వెనక నిలువుగా పట్టుకో, ఒక చెయ్యి మెడ దగ్గర, ఇంకో చెయ్యి నడుము దగ్గర. కర్ర మూడు చోట్ల ఆనాలి: తల వెనక, భుజాల మధ్య, తోక ఎముక మీద. గోడ వైపు వీపు పెట్టి, గోడకు ఒక అడుగు ముందు నిలబడు. మోకాళ్లు కొంచెం సడలించి, పిరుదులతో గోడను తాకడానికి వెనక్కి జరుగు. కూరగాయల సంచులు రెండు చేతుల్లో ఉంటే వెనక ఉన్న తలుపును పిరుదులతో తోసి మూస్తాం కదా, అచ్చం అదే కదలిక. గోడ తగిలాక రెండంగుళాలు ముందుకు జరిగి మళ్లీ చెయ్యి, మళ్లీ జరుగు. ఏదో ఒక చోట కర్ర తోక ఎముకను వదిలేస్తుంది, లేదంటే నడుము దగ్గర కర్రకూ వీపుకూ మధ్య ఉన్న సందు మూసుకుపోతుంది. అదిగో, అదే నీ హద్దు. అప్పుడు చేతులు కిందికి వేలాడదీస్తే వేళ్లు కాలి మీద ఎక్కడికి వచ్చాయో గుర్తు పెట్టుకో, బార్ అంతకు మించి పోకూడదు. అది మోకాలి చిప్ప కింద రెండంగుళాలే అయినా సరే, సిగ్గుపడాల్సింది లేదు. కొన్ని వారాలు చేస్తే అదే కొంచెం కొంచెం దిగుతుంది.

జిమ్‌లో సరిచూసుకోవడానికి ఫోన్‌ను పక్క నుంచి, తుంటి ఎత్తులో ఏదైనా బెంచీ మీద నిలబెట్టి వీడియో తీసుకో. వీడియోలో బార్‌ను చూడొద్దు, పిరుదులను చూడు. పిరుదులు వెనక్కి పోవడం ఆగిపోయాక కూడా బార్ దిగుతూ ఉంటే ఆ మిగతాదంతా నడుము చేస్తున్న పనే. అద్దంలో చూసుకుంటూ మాత్రం చేయకు. ఎదురద్దంలోకి చూడ్డానికి మెడ పైకెత్తుతాం, పక్క అద్దం కోసం మెడ తిప్పుతాం, రెండూ బరువు చేతిలో ఉండగా చేసే పనులు కావు. వంగేకొద్దీ చూపు కూడా నేల మీదికి దిగిపోవాలి.

మోకాలి వెనక లాగుతోందన్నావు, అది వేరే విషయం. నువ్వు మోకాళ్లు బిగించేసి చేస్తున్నావనుకుంటా. కాళ్లు కర్రల్లా నిలబెడితే సాగుడంతా మోకాలి వెనక గుంట దగ్గర, స్నాయువుల మీద, అక్కడి నుంచి పోయే నరం మీద పడుతుంది, కండరం మధ్య భాగానికి అందదు. అలాగని వంగుతూ వంగుతూ మోకాళ్లు ముందుకు తెచ్చావనుకో, కండరం కింది కొస సడలిపోయి అది సగం స్క్వాట్ అయిపోతుంది. నిలబడి ఉన్నప్పుడే మోకాళ్లు కొంచెం సడలించు, వంగడం మొదలయ్యాక ఆ కోణం ఇంక మారకూడదు. ముంగాలు ఎప్పుడూ దాదాపు నిటారుగా ఉంటే నువ్వు సరిగ్గా చేస్తున్నట్టే. అంతా కుదిరినప్పుడు లాగుడు తొడ వెనక మధ్య నుంచి కూర్చునే ఎముక దాకా తెలుస్తుంది. పిక్కలోకో పాదంలోకో జివ్వుమని దిగితే అది కండరం సాగడం కాదు, ఆ సెట్ అక్కడే ఆపేయాలి.

ఇక బార్ తొడను, ముంగాలిని రాసుకుంటూనే దిగాలి. బార్‌కూ కాలికీ మధ్య వెలుతురు కనిపిస్తే ఆ రెండంగుళాల దూరానికి నడుము కట్టే ఖరీదు చాలా ఎక్కువ, ఎందుకంటే బరువు నీ నుంచి ఎంత దూరం జరిగితే నడుము మీద అంత ఎక్కువ లాగుడు పడుతుంది. చంకల్లో ఏదో నొక్కి పట్టుకున్నట్టు చేతులను ఒంటి వైపు లాగి ఉంచితే బార్ దూరం పోదు. ఊపిరి పైన నిలబడినప్పుడే తీసుకుని, పొట్ట బిగించి దిగు, పైకి వచ్చే చివర్లో వదులు. దిగడానికి మూడు సెకన్లు పట్టాలి. మెత్తటి రన్నింగ్ షూలు వద్దు, మడమ అటూ ఇటూ కదులుతుంటే బరువు పాదం మధ్యలో నిలబడదు. జిమ్ ఒప్పుకుంటే చెప్పులు విప్పి, లేదంటే బల్లపరుపు అట్ట ఉన్న కాన్వాస్ షూలతో చెయ్యి. పట్టు జారిపోతుంటే స్ట్రాప్స్ కట్టుకో, అది మోసం కాదు. తొడ వెనక అలిసేలోపు అరచేయి అలిసిపోతే ఆ సెట్ చేసినా చేయనట్టే.

ఇంకోటి, ఎవరూ చెప్పరు కానీ నీ టైమింగ్ చూసి చెబుతున్నా. ఐదింటికి లేచి ఐదుంబావుకు జిమ్‌లో ఉన్నావంటే నిద్ర లేచిన తొలి గంటలోనే బరువుతో వంగుతున్నావన్నమాట. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, లేచిన మొదటి అరగంట, గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి పగటికంటే ఎక్కువ. మన ఊరి ఎండలకు తెల్లారకముందే పోవడం తప్పదు, అది నాకూ తెలుసు. పావుగంట అటూ ఇటూ నడిచి, ముందు కర్ల్ మెషిన్, తేలికపాటి వార్మప్ సెట్లు కానిచ్చి ఆర్‌డీఎల్‌ను వీలైనంత ఆలస్యంగా మొదలుపెట్టు. నడుము వంచే సాగదీతలు మాత్రం ఆ టైమ్‌లో అస్సలు వద్దు, కాలి వేళ్లు ముట్టుకోవడం లాంటివి.

బరువు 40 కిలోలకు దించు. నీ 50 నిజంగా యాభయ్యేనో కాదో కూడా చూసుకో, మన దగ్గర చాలా జిమ్‌ల్లో బార్ 20 కిలోలు ఉండదు, 12 ఉంటుంది, 15 ఉంటుంది. ఒకసారి బాత్‌రూమ్ స్కేల్ మీద నిలబెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇప్పుడు కర్ల్ సంగతి. తొడ వెనక ఉన్నది ఒక కండరం కాదు, మూడు పెద్దవి, ఒక చిన్నది. పెద్దవి మూడూ తుంటినీ మోకాలినీ రెంటినీ దాటుతాయి. బయటి వైపు ఉన్న ఆ చిన్నది, బైసెప్స్ ఫెమోరిస్ పొట్టి తల అంటారు దాన్ని, అది తొడ ఎముక మీదే పుట్టి మోకాలినొక్కదాన్నే దాటుతుంది. తుంటి ఎంత కదిలినా దానికి పని లేదు. కాబట్టి నువ్వు ఆర్‌డీఎల్ ఎన్ని సెట్లు పెంచినా అది ఎదగదు, దానికి మోకాలు మడిచే పనే కావాలి. మిగతా మూడింటిలో కూడా లోపలి వైపు పొడుగాటి కండరానికి కర్ల్ ఎక్కువ పని పెడుతుంది. అటు కర్ల్ ఒక్కటే చేసుకుంటే, అందులోనూ పడుకుని చేసేదైతే, తుంటి తిన్నగా ఉండి కండరం పొట్టిగా ఉన్న చోటే పనిచేస్తుంది, బాగా సాగి బరువు మోసే పని దానికి అందదు, ఆ భాగం ఆర్‌డీఎల్‌ది. 2021లో జపాన్ పరిశోధకులు ఒకరికే ఒక కాలు కూర్చుని చేసే కర్ల్‌తో, ఇంకో కాలు పడుకుని చేసే కర్ల్‌తో 12 వారాలు చేయించి కొలిచారు. కూర్చుని చేసిన వైపు తొడ వెనక మొత్తం సుమారు 14 శాతం పెరిగితే, పడుకుని చేసిన వైపు 9 శాతం పెరిగింది. కూర్చున్నప్పుడు తుంటి మడిచి ఉంటుంది కాబట్టి కండరం సాగి ఉంటుంది, తేడా అంతా అదే. మీ జిమ్‌లో అది లేదు, సరే, దాని కోసం జిమ్ మారనక్కర్లేదు. ఆ సాగుడు పని నీకు ఆర్‌డీఎల్‌లో దొరుకుతుంది, పడుకునే కర్ల్‌తో మిగతాది పూర్తవుతుంది. రెండూ ఉంచమన్నది అందుకే.

ఆ మెషిన్ మీద రెండు జాగ్రత్తలు చాలు. మోకాలు మెషిన్ తిరిగే ఇరుసుకు ఎదురుగా ఉండాలి, చాలామంది పైకి జరిగి పడుకుంటారు, అప్పుడు ప్యాడ్ మడమ మీదికి జారుతుంది. ప్యాడ్ మడమకు కాస్త పైన ఉండాలి. రెండోది, పైకి మడిచేటప్పుడు పిరుదులు లేచాయంటే బరువు ఎక్కువైందని. లేచిన ప్రతిసారీ నడుము వెనక్కి విరుచుకుంటుంది, మోకాలికి పెట్టిన పనిలో కొంత అటు పోతుంది. తుంటిని బెంచీకి నొక్కి, రెండు సెకన్లు తగ్గకుండా దించు, కాళ్లు దాదాపు తిన్నగా అయ్యేదాకా రానివ్వు. మధ్యలో కండరం పట్టేస్తే, అది ఈ మెషిన్ మీద మామూలే, లేచి కాలు చాపి నిమిషం ఆగు, తర్వాత ప్లేట్ ఒకటి తగ్గించి మొదలుపెట్టు.

లెక్క ఇప్పుడు చూడు. నీ వారంలో తుంటి నుంచి వంగే సెట్లు ఆర్‌డీఎల్ నాలుగు, డెడ్‌లిఫ్ట్ ఐదు, మొత్తం తొమ్మిది. కర్ల్ సెట్లు మూడు, అవి కూడా స్క్వాట్, ఆర్‌డీఎల్ అయ్యాక, స్కూలుకు టైమ్ అవుతోందని గడియారం చూసుకుంటూ చేసేవి. నడుము స్క్వాట్‌లో కూడా పనిచేస్తుంది, దాని నాలుగు సెట్లు కలిపితే నడుము వారానికి పదమూడు సెట్లు మోస్తోంది. శుక్రవారం డెడ్‌లిఫ్ట్ నుంచి నడుము కోలుకునేలోపే మంగళవారం వచ్చేస్తుంది, ఆ అలిసిన నడుముతో ఆర్‌డీఎల్ చేస్తే అది నిటారుగా ఎందుకు నిలబడుతుంది? కర్ల్‌కు నడుముతో పని లేదు, ఎన్ని సెట్లు చేసినా నడుము మీద భారం పడదు. అందుకే తొడ వెనకకు కావాల్సిన పనిలో సగం అటు మళ్లించి, నడుముకు ఊపిరి తీసుకునే చోటు ఇవ్వాలి. మొత్తం సెట్లు దాదాపు అంతే ఉంటాయి, పంపకమే మారుతుంది.

మంగళ, శుక్రవారాలను సోమ, గురువారాలకు జరుపుకో, శనివారం కొండకు పోతావు కాబట్టి. సోమవారం పావుగంట నడక, చాలా తేలికగా ఒక కర్ల్ వార్మప్ సెట్, ఆ తర్వాత 40 కిలోలతో ఆర్‌డీఎల్ ఎనిమిదేసి మూడు సెట్లు, సెట్టుకూ సెట్టుకూ మధ్య రెండున్నర నిమిషాలు. స్క్వాట్ దాని తర్వాత, మూడు సెట్లకు తగ్గించి. ముందు స్క్వాటే చేయాలని ఎక్కడా రాసి లేదు, ఏది సరిదిద్దుకోవాలో అది ముందు. చివర్లో కర్ల్ పన్నెండేసి రెండు సెట్లు. గురువారం కర్ల్‌తోనే మొదలుపెట్టు, ఎనిమిది నుంచి పది చొప్పున నాలుగు సెట్లు, ఇంకో రెండు చేయగలను అనుకున్నప్పుడు ఆపేటంత బరువుతో. తర్వాత లంజెస్ మూడు సెట్లు. ఆఖరున డంబెల్స్‌తో, చేతికి పది కిలోలు చాలు, ఆర్‌డీఎల్ పన్నెండేసి రెండు సెట్లు, నిదానంగా. కర్ల్‌తో తొడ వెనక ముందే అలిసి ఉంటుంది కాబట్టి ఇంత తక్కువ బరువుకే అది ఎక్కడుందో నీకు తెలిసిపోతుంది. నాకు తెలిసి "ఏమీ తెలియడం లేదు" అనేవాళ్లకు ఇంతకు మించిన ఉపాయం లేదు. ఇలా వంగే సెట్లు ఐదు, కర్ల్ సెట్లు ఆరు.

బరువు పెంచడం గురించి ఒక చిక్కు ఉంది. మన జిమ్‌ల్లో 1.25 కిలోల ప్లేట్లు దొరకడం అరుదు, చిన్నది 2.5 కిలోలే ఉంటే రెండు వైపులా వేసేసరికి ఒకేసారి ఐదు కిలోలు పెరుగుతుంది. 40 మీద ఐదంటే ఎనిమిదో వంతు, అది చిన్న గంతు కాదు. కాబట్టి బరువు ముట్టుకోకుండా వారానికి ఒకటి చొప్పున రెప్స్ పెంచుకుంటూ పో, ఎనిమిది, తొమ్మిది, పది. మూడు సెట్లలోనూ పన్నెండు శుభ్రంగా వచ్చి, ఆఖరి రెప్ వీడియోలో కూడా మొదటి రెప్ లాగే కనిపిస్తే అప్పుడు 45 పెట్టి మళ్లీ ఎనిమిదికి రా. అంటే ఐదారు వారాల పని. ఆఖరి రెండు రెప్స్‌లో బార్ ముందుకు జరుగుతున్నా, నడుము గుండ్రంగా అవుతున్నా ఆ సెట్‌ను లెక్కలో వేసుకోకు.

మొదటి రెండు వారాలు తొడ వెనక రెండు రోజులు నొప్పి ఉంటుంది, సోమవారం చేస్తే మంగళ, బుధవారాలు మెట్లు దిగేటప్పుడు, స్కూల్లో కింద కూర్చున్న పిల్లల దగ్గరికి వంగేటప్పుడు తెలుస్తుంది. గురువారం పొద్దునకు అది పోయి ఉండాలి. పోకపోతే గురువారం డంబెల్ సెట్లు మానెయ్, కర్ల్ సెట్లు రెండు తగ్గించు. మూడో వారంలో కూడా అలాగే ఉంటే సోమవారం ఆర్‌డీఎల్ రెండు సెట్లే. మరీ నొప్పే లేదంటే పని చేయలేదని కాదు, అలవాటు పడిందని.

కొండకు పోయే వారం గందరగోళం దేనికో కూడా చూద్దాం. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కడం ప్రధానంగా తొడ ముందు కండరాలకు, పిరుదులకు, పిక్కలకు పని, తొడ వెనకకు అంత భారం ఉండదు. అది నీ ఆర్‌డీఎల్‌కు పెద్దగా అడ్డు రాదు, ముందురోజే చేసిన డెడ్‌లిఫ్ట్, లంజెస్‌ల మీద దాన్ని ఎక్కించడమే అడ్డు. ఆ వారం గురువారం కర్ల్ మాత్రం నాలుగు సెట్లూ చేసి, లంజెస్, డంబెల్స్ వదిలేసి ఇంటికి పో. బస్సులో దిగితే సోమవారం అంతా మామూలే. నడిచే దిగావంటే తొడ ముందు వైపు రెండు మూడు రోజులు పట్టేసి ఉంటుంది, సోమవారం స్క్వాట్ మానేసి ఆర్‌డీఎల్, కర్ల్ చేసుకో, వాటికి ఆ నొప్పి అడ్డం కాదు.

ఆరు వారాలయ్యాక, ఆర్‌డీఎల్ 45 దగ్గర నడుము పట్టేయకుండా జరుగుతుంటే డెడ్‌లిఫ్ట్ వెనక్కి తెచ్చుకో, గురువారం డంబెల్ ఆర్‌డీఎల్ స్థానంలో, 55 కిలోలతో నాలుగేసి రెండు సెట్లు. నువ్వు డెడ్‌లిఫ్ట్ పోటీలకు పోయేదానివి కాదు కాబట్టి ఐదు సెట్లకు మళ్లీ పోవాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు.

ఈ లోపల నడుము నొప్పి పిరుదు దాటి కాలిలోకి దిగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, దగ్గినా తుమ్మినా నడుములో పొడిచినట్టు ఉన్నా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఎముకల డాక్టర్‌కు చూపించుకో. ఇంతకాలం పట్టేయడం సాయంత్రానికి పోతోందా, మర్నాటికీ ఉంటోందా అన్నది ఉత్తరంలో రాయలేదు. మర్నాటికి కూడా ఉంటోందంటే మొదటి రెండు వారాలు సోమవారం కూడా బార్ ముట్టుకోకుండా డంబెల్స్‌తోనే చెయ్యి.